ప్లేటును ఎంచుకోవలసింది పట్టికను చూసి కాదు, శాంపిల్‌ను చూసి

మెడికల్ ల్యాబ్ కోర్సుల్లో, ప్లేట్లలో పోసి సూక్ష్మజీవులను పెంచే కల్చర్ మీడియా గురించి చెప్పే పాఠం మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. నల్లబల్ల మీద మూడు గడుల పట్టిక గీస్తారు. ఎన్‌రిచ్డ్ కింద బ్లడ్ అగర్, చాక్లెట్ అగర్. సెలెక్టివ్ కింద టీసీబీఎస్. డిఫరెన్షియల్ కింద మాకాంకీ. పిల్లలు దాన్ని వల్లెవేస్తారు, పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి. ఆ తర్వాత ఉద్యోగంలో చేరి, వెన్నులోంచి తీసిన సీఎస్ఎఫ్, అంటే మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం ఉన్న గొట్టం చేతికి వచ్చిన రోజున ఏ ప్లేటు తీయాలో ఆ పట్టిక ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఎందుకంటే ఆ గడులు సరైనవి కావు. మాకాంకీనే తీసుకోండి. అందులోని పైత్య లవణాలు, క్రిస్టల్ వయొలెట్ కలిసి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాను అణచివేస్తాయి. అంటే అది సెలెక్టివ్. అదే ప్లేటులో లాక్టోజ్, న్యూట్రల్ రెడ్ ఉన్నాయి. లాక్టోజ్‌ను పులియబెట్టి ఆమ్లం చేసే ఇ. కొలై వంటివి గులాబీ రంగు కాలనీలు ఇస్తాయి, పులియబెట్టలేనివి రంగు లేకుండా ఉండిపోతాయి. అంటే అది డిఫరెన్షియల్ కూడా. బ్లడ్ అగర్ పోషకాలు దండిగా ఉన్న ఎన్‌రిచ్డ్ ప్లేటే. అయితే కాలనీ చుట్టూ ఎర్రకణాలు పూర్తిగా కరిగి తేటపడ్డాయా, ఆకుపచ్చగా మారాయా అని చూసి తేడా పట్టేదీ ఆ ప్లేటు మీదే. గనేరియా కోసం వాడే థేయర్ మార్టిన్ ప్లేటు చాక్లెట్ అగర్‌లో యాంటీబయాటిక్స్ కలిపి చేసింది. అది ఎన్‌రిచ్డ్, సెలెక్టివ్ రెండూ. ఎన్‌రిచ్డ్, సెలెక్టివ్, డిఫరెన్షియల్ అనేవి మూడు జాతుల ప్లేట్లు కావు, ఒక ప్లేటు చేయగల మూడు పనులు. శాంపిల్‌కు వాటిలో ఏ పని అవసరమో అడిగితే ఎంపిక దానంతట అదే తేలుతుంది.

మొదట అడగవలసినది ఒక్కటే: ఈ శాంపిల్ తీసిన చోట మామూలుగా సూక్ష్మజీవులు ఉంటాయా, ఉండవా?

సీఎస్ఎఫ్‌లో ఉండవు. ఆరోగ్యవంతుడి సీఎస్ఎఫ్‌లో ఒక్క బాక్టీరియా కూడా ఉండకూడదు. కాబట్టి అక్కడ అణచవలసినది ఏదీ లేదు. ఉన్నది ఏదైనా సరే, ఎంత తక్కువైనా సరే, ఎంత సుకుమారమైనదైనా సరే, దాన్ని బతికించి పెంచాలి. కావలసింది మేత. పెద్దలకు, పిల్లలకు వచ్చే బాక్టీరియల్ మెనింజైటిస్‌కు పాఠ్యపుస్తకాలు చెప్పే మూడు ప్రధాన కారణాలు న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే. ఈ మూడింటిలో ఒక్కటి కూడా మాకాంకీ మీద పెరగదు. సీఎస్ఎఫ్‌ను మాకాంకీ మీద మాత్రమే గీసి, మర్నాడు ఖాళీ ప్లేటు చూసి ‘పెరుగుదల లేదు’ అని రిపోర్టు రాస్తే, అది రోగి గురించి చెప్పిన మాట కాదు, ప్లేటు గురించి చెప్పిన మాట. ఆ కాగితం నమ్మి డాక్టరు మందు ఆపేస్తే బాధ్యత ఎవరిది?

బ్లడ్ అగర్ వేస్తే న్యూమోకాకస్, మెనింగోకాకస్ దొరుకుతాయి. హీమోఫిలస్ మాత్రం అక్కడా తప్పించుకుంటుంది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది, ఎందుకంటే దాని పేరులోనే రక్తం ఉంది. హీమోఫిలస్‌కు రెండు వస్తువులు కావాలి: ఎక్స్ ఫ్యాక్టర్ అనే హీమిన్, వి ఫ్యాక్టర్ అనే ఎన్ఏడీ. గొర్రె రక్తంలో రెండూ ఉన్నాయి. కానీ ఎన్ఏడీ ఎర్రకణాల లోపల బందీగా ఉంటుంది. పైగా దాన్ని ధ్వంసం చేసే ఎంజైమ్ కూడా ఆ రక్తంలోనే ఉంటుంది. రక్తాన్ని అగర్‌లో కలిపి సుమారు 80 డిగ్రీల వేడిలో గోధుమరంగు వచ్చేదాకా ఉంచితే కణాలు పగిలి ఎన్ఏడీ బయటికి వస్తుంది, ఆ ఎంజైమ్ పనిచేయకుండా పోతుంది. చాక్లెట్ అగర్ అంటే ఇదే. అలాగని ఎక్కువ వేడి మంచిదనుకుని రక్తం కలిపాక ఆటోక్లేవ్‌లో పెడితే, ఏ ఎన్ఏడీ కోసం ఇంత శ్రమ పడ్డామో అదే పాడైపోతుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. బ్లడ్ అగర్ మీద హీమోఫిలస్‌ను పరిచి, మధ్యలో స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను ఒక గీతగా గీయండి. మర్నాడు ఆ గీతను ఆనుకుని మాత్రమే మంచుబిందువుల వంటి చిన్న కాలనీలు కనిపిస్తాయి. దూరంగా ఏమీ ఉండదు. స్టాఫిలోకాకస్ విడుదల చేసే వి ఫ్యాక్టర్ అందినంత మేరకే హీమోఫిలస్ బతికింది. ఈ ఒక్క ప్లేటు చూపిస్తే ఎన్‌రిచ్డ్ మీడియా సంగతి విద్యార్థికి జీవితాంతం గుర్తుంటుంది. అయినా చాలా కళాశాలల్లో చూపించరు.

కాబట్టి మబ్బుగా ఉన్న సీఎస్ఎఫ్ వచ్చిందంటే నేను చేయమనేది ఇది. ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి హీమోఫిలస్, మెనింగోకాకస్ చచ్చిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున చేరినదాన్ని చాక్లెట్ అగర్ మీద, బ్లడ్ అగర్ మీద వేయండి. అదే పదార్థంతో గ్రామ్ స్టెయిన్ తప్పనిసరి. ప్లేట్లను కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో, లేకపోతే కొవ్వొత్తి వెలిగించి మూసిన జాడీలో 35 నుంచి 37 డిగ్రీల వద్ద పెట్టండి. మాకాంకీ కూడా వేయండి, ముఖ్యంగా నవజాత శిశువైతే, ఎందుకంటే వాళ్లలో ఇ. కొలై ఒక ముఖ్య కారణం. కానీ అది మూడో ప్లేటు, ఏకైక ప్లేటు కాదు. గ్రామ్ స్టెయిన్‌లో సన్నని గులాబీ కడ్డీలు కనిపించి, బ్లడ్ అగర్ ఖాళీగా ఉండి, చాక్లెట్ మీద బూడిదరంగు కాలనీలు వచ్చాయంటే, ఏమి జరుగుతున్నదో ఆ రెండు ప్లేట్ల మధ్య తేడాయే చెప్పేస్తుంది.

ఇప్పుడు శాంపిల్ మార్చండి. నెత్తురు, జిగురు పడుతున్న పిల్లవాడి మలం వచ్చింది, డాక్టరు షిగెల్లా అనుమానిస్తున్నారు. ఇక్కడ పరిస్థితి పూర్తిగా తలకిందులు. మలంలో బాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటాయి, మనకు కావలసింది వాటి మధ్య దాక్కున్న కొద్దిపాటి షిగెల్లా. చాక్లెట్ అగర్ మీద వేస్తే అన్నీ పెరిగి ప్లేటంతా ఒకే ముద్దగా కలిసిపోతుంది. ఇక్కడ అణచాలి, రంగుతో వేరు కూడా చేయాలి.

ఎక్స్ఎల్‌డీ అగర్ ఈ రెండు పనులూ ఎంత తెలివిగా చేస్తుందో చూడండి. ఇందులో కాస్త జైలోజ్, ఎక్కువ మోతాదులో లాక్టోజ్, సుక్రోజ్, ఒక అమైనో ఆమ్లం లైసిన్ ఉంటాయి. ఇ. కొలై చక్కెరలను పులియబెట్టి ఆమ్లంతో ప్లేటును పసుపు చేస్తుంది. సాల్మొనెల్లా కూడా జైలోజ్‌ను తింటుంది, కానీ ఉన్న కాస్తా త్వరగా అయిపోతుంది. తర్వాత అది లైసిన్ మీద పడి క్షారం తయారుచేస్తుంది, దాంతో రంగు తిరిగి ఎరుపవుతుంది, మధ్యలో హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల నల్లచుక్క వస్తుంది. షిగెల్లా జైలోజ్ జోలికే పోదు, అందుకే నల్లచుక్క లేని ఎర్రటి కాలనీ. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీలో ఆ నల్లచుక్క చిన్నదిగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. నల్లచుక్క లేదు కాబట్టి సాల్మొనెల్లా కాదు అని కొట్టిపారేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అయితే సెలెక్టివ్ ప్లేటు శత్రువును మాత్రమే అణచదు. మనం వెతుకుతున్నదాన్ని కూడా ఎంతో కొంత దెబ్బతీస్తుంది. పట్టిక పాఠంలో ఎప్పుడూ రాని ముఖ్య విషయం ఇదే. షిగెల్లా, సాల్మొనెల్లా పేర్లతోనే వెలసిన ఎస్ఎస్ అగర్ మీద తీవ్రమైన రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా డిసెంటెరీయే టైప్ 1 తరచూ పెరగనే పెరగదు. గనేరియా సూక్ష్మజీవుల్లో కొన్ని థేయర్ మార్టిన్‌లోని వాంకోమైసిన్‌కే చచ్చిపోతాయి, అందుకే పక్కన యాంటీబయాటిక్ లేని చాక్లెట్ ప్లేటు కూడా పెట్టమంటారు. మలానికి కూడా అంతే: మాకాంకీ వంటి మెత్తని ప్లేటు ఒకటి, ఎక్స్ఎల్‌డీ వంటి కాస్త కఠినమైనది ఒకటి, రెండూ ఉండాలి. కఠినమైన ప్లేటు ఒక్కటే ఉంటే అది ఖాళీగా రావడానికి కారణం రోగం లేకపోవడమా, ప్లేటులోని రసాయనమా అన్నది తెలియదు.

చదివే సమయం కూడా ముఖ్యం. 18 నుంచి 24 గంటలకు చూడండి. మాకాంకీని రెండో రోజుకు వదిలేస్తే షిగెల్లా సొన్నై మెల్లగా లాక్టోజ్‌ను పులియబెట్టి గులాబీ రంగులోకి మారవచ్చు. అప్పుడు దాన్ని ఇ. కొలై అనుకుని వదిలేసే ప్రమాదముంది. రంగు లేని కాలనీ ఉన్నంత మాత్రాన అది షిగెల్లా అని కూడా కాదు. ప్రోటియస్, సూడోమోనాస్ కూడా అలాగే ఉంటాయి. ప్లేటు అనుమానం మాత్రమే ఇస్తుంది. నిర్ధారణ బయోకెమికల్ పరీక్షలతోనూ, ఆ తర్వాత యాంటీసీరంతోనూ జరగాలి.

ఇక రక్తం సంగతి. గొర్రె రక్తం దొరకలేదని, బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తంతో బ్లడ్ అగర్ చేసే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. నేను దీన్ని సమర్థించలేను. అందులో దాత శరీరంలోని యాంటీబాడీలు ఉండవచ్చు, వాడిన మందుల ఆనవాళ్లు ఉండవచ్చు, గడ్డకట్టకుండా కలిపిన సిట్రేట్ ఉంటుంది. ఇవన్నీ కొన్ని బాక్టీరియా పెరుగుదలను కుంగదీయగలవు. హీమోలిసిస్ కూడా నమ్మకంగా కనిపించదు. ప్లేట్లు పోసే టెక్నీషియన్‌కు అంటువ్యాధుల ప్రమాదం వేరే. ఎన్‌రిచ్డ్ అని పేరు పెట్టి పెరుగుదలను ఆపే ప్లేటు తయారుచేస్తున్నాం.

ప్లేటు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాలి. అదీ అర్థవంతంగా. చాక్లెట్ అగర్ మీద ఇ. కొలై వేసి ‘పెరిగింది, బాగుంది’ అని రిజిస్టర్‌లో రాయడం నేను చూశాను. ఇ. కొలై దాదాపు ఎక్కడైనా పెరుగుతుంది, దానితో చాక్లెట్ గురించి తెలిసేది సున్నా. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే ఏటీసీసీ 10211 వంటి కష్టమైన జీవిని వేసి చూడాలి. మాకాంకీకైతే రెండు పరీక్షలు కావాలి: ఇ. కొలై గులాబీగా పెరగాలి, స్టాఫిలోకాకస్ ఆరియస్ అణగిపోవాలి. రెండోది చేయకపోతే సెలెక్టివ్ పని జరుగుతున్నదని చెప్పడానికి మన దగ్గర ఆధారమే లేదు.

చివరగా ల్యాబ్ యజమానులకు ఒక డిమాండ్. కల్చర్ రిపోర్టులో ‘పెరుగుదల లేదు’ అన్న మాట పక్కన ఏ ఏ ప్లేట్లు వేశారో, ఎన్ని గంటలు ఉంచారో ఒక లైనులో ముద్రించండి. సీఎస్ఎఫ్ రిపోర్టులో ‘చాక్లెట్, బ్లడ్, మాకాంకీ, 48 గంటలు’ అని ఉంటే డాక్టరు ఆ ఖాళీకి ఎంత విలువ ఇవ్వాలో తానే నిర్ణయించుకుంటారు. ‘మాకాంకీ, 24 గంటలు’ అని మాత్రమే ఉంటే, మందు ఆపేముందు ల్యాబ్‌కు ఫోను చేస్తారు.