సీలు చెదరలేదు, లోపలి నమూనా మాటేమిటి?

తమిళనాడులోని తేని జిల్లా సురుళి జలపాతం దగ్గర 2011లో జరిగిన జంట హత్యల కేసులో మరణశిక్ష పడిన వ్యక్తిని సుప్రీంకోర్టు 2025 జులై 15న నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తీర్పులోనే డీఎన్ఏ నమూనాల గురించి దేశంలోని పోలీసులందరికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. నమూనా తీసినప్పుడు ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, దర్యాప్తు అధికారి వివరాలతో పత్రం రాసి, దానిపై వైద్యుడు, అధికారి, స్వతంత్ర సాక్షులు సంతకాలు చేయాలి. 48 గంటల్లోపు నమూనా ఫోరెన్సిక్ ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలి. విచారణ ముగిసేదాకా కోర్టు అనుమతి లేకుండా ఎవరూ ప్యాకెట్ విప్పకూడదు, మళ్ళీ సీలు వేయకూడదు. నమూనా ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలిపే రిజిస్టరు మొదటి రోజు నుంచి తుది తీర్పు దాకా నడవాలి.

ఈ ఆదేశాలు ఊరికే రాలేదు. 2012లో ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన ఢిల్లీ ఛావ్లా కేసులో ముగ్గురు నిందితులకు హైకోర్టు కూడా మరణశిక్ష ఖరారు చేసింది. వారిని 2022 నవంబరులో సుప్రీంకోర్టు విడుదల చేసింది. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు ల్యాబుకు వెళ్ళింది 27న. మధ్యలో పదకొండు రోజులు అవి పోలీస్ స్టేషన్‌లో సాక్ష్యపు వస్తువులు దాచే మాల్ఖానాలో ఉన్నాయి. అక్కడ ఎవరైనా వాటిని తారుమారు చేసే అవకాశం లేదని నమ్మలేమని ధర్మాసనం చెప్పింది. ల్యాబులో ఏ పద్ధతి వాడారు, దాన్ని సరిగ్గా వాడారా అన్నది కింది కోర్టులు చూడనే లేదని కూడా ఎత్తి చూపింది. బాధితురాలి కుటుంబానికి ఆ తీర్పు మింగుడుపడలేదు. నిజానికి అందులో ఎవరికీ ఊరట లేదు. నమూనాలు కలుషితమయ్యాయని తేలలేదు, కాలేదనీ తేలలేదు. పదకొండు రోజుల లెక్క చెప్పేవారు లేకపోవడంతో సాక్ష్యమే పక్కకు పోయింది.

కొత్త ఆదేశాలు ఈ లోటును పూడుస్తాయి. అయితే అవి కాపలా కాసేది సీలు పడిన తర్వాతి ప్రయాణాన్నే. సీలు పడకముందే నమూనాలో ఇంకొకరి కణాలు చేరితే ఎంత పక్కా రిజిస్టరైనా ఆ తప్పును భద్రంగా కోర్టు దాకా మోసుకొస్తుంది. ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే జరిగింది.

2006 జులైలో మెల్‌బోర్న్ శివారు డాన్‌కాస్టర్‌లోని ఒక నైట్‌క్లబ్‌లో, గడియ పెట్టి ఉన్న మరుగుదొడ్డిలో ఒక మహిళ స్పృహ తప్పి కనిపించింది. తనకేం జరిగిందో ఆమెకు గుర్తులేదు. ఆసుపత్రిలో ఆమె నుంచి తీసిన స్వాబ్‌లో దొరికిన డీఎన్ఏ, పోలీసుల డేటాబేస్‌లో ఉన్న ఒక సోమాలీ మూలాల యువకుడి ప్రొఫైల్‌తో సరిపోయింది. క్లబ్బులో అతన్ని చూసినవారు లేరు. ఆ రాత్రి జబ్బుతో ఉన్న తండ్రి మంచం పక్కనే ఉన్నానని అతను చెప్పాడు, ఇంటివాళ్ళూ అదే చెప్పారు. జ్యూరీ నమ్మలేదు. 2008లో ఆరేళ్ళ శిక్ష పడింది. అతనికి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం ఆ ఒక్క డీఎన్ఏ మాత్రమే.

అప్పీలుకు సిద్ధమవుతున్న ప్రాసిక్యూషన్ న్యాయవాదికే అనుమానం వచ్చింది. ఇతని ప్రొఫైల్ డేటాబేస్‌లోకి అసలు ఎలా వచ్చిందని ఆరా తీస్తే సంగతి బయటపడింది. క్లబ్ ఘటనకు సుమారు ఒక రోజు ముందు మరో మహిళ చేసిన ఫిర్యాదులో అతని నమూనా తీసుకున్నారు. ఆ ఫిర్యాదుపై కేసు నడవలేదు. ఆ మొదటి మహిళను, క్లబ్‌లో దొరికిన మహిళను 28 గంటల తేడాతో ఒకే ఆసుపత్రి గదిలో, ఒకే వైద్యుడు పరీక్షించాడు. మొదటి మహిళ జుట్టు మీద ఈ యువకుడి కణాలున్నాయి. ఆ గదిలోనే అవి రెండో మహిళ నమూనాలోకి చేరి ఉంటాయి. 2009 డిసెంబరులో శిక్ష రద్దయింది. అప్పటికి అతను పదిహేను నెలలు జైల్లో గడిపాడు. ఈ పొరపాటుపై తర్వాత విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి ఫ్రాంక్ విన్సెంట్ 2010 నివేదికలో, డీఎన్ఏకు ఏదో మహత్తు ఉన్నట్టు భావించి చుట్టూ ఉన్న పరిస్థితులను అందరూ పక్కన పెట్టారన్నారు. అసలు నేరమంటూ జరిగిందా అన్నదే సందేహమని కూడా రాశారు.

ఇక్కడ సీలు చెదరలేదు, రిజిస్టరు తప్పలేదు, ల్యాబు పొరపాటూ లేదు. మన 48 గంటల నియమాన్ని అక్షరాలా పాటించినా ఆ యువకుడికి శిక్ష పడేది.

అంత తక్కువ పదార్థం ఇంత పెద్ద ఫలితం ఎలా ఇస్తుంది? మనిషి కణం ఒక్కోదానిలో ఉండే డీఎన్ఏ దాదాపు ఆరు పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతులు ఆరు. సాధారణ పరీక్షకు ల్యాబులు కోరేది అర నుంచి ఒక నానోగ్రాము. వందో నూట యాభయ్యో కణాలుంటే చాలు, అంతకంటే తక్కువలోనూ కొంత ఫలితం వస్తుంది. పీసీఆర్ యంత్రంలో ప్రతి విడతకూ డీఎన్ఏ రెట్టింపవుతుంది. 28 విడతలు తిరిగేసరికి, లెక్క ప్రకారం, ఒక్క ప్రతి 26 కోట్లు దాటుతుంది. యంత్రానికి నేరస్థుడి కణం, డాక్టరు కణం, నిన్నటి రోగి కణం అన్నీ ఒకటే. రిపోర్టులో కనిపించే 'కోట్లలో ఒక్కరికే సరిపోతుంది' అన్న అంకె ఆ డీఎన్ఏ ఎవరిదో చెబుతుంది. అది స్వాబ్ మీదికి ఎలా వచ్చిందో ఆ అంకెకు తెలియదు. కోర్టుల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి.

అందుకే జాగ్రత్తంతా మొదటి అరగంటలో ఉంది. ఒక్కో వస్తువు ముట్టుకునే ముందు గ్లవ్స్ మార్చాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఎండిన మరకను ముందు తడి స్వాబ్‌తో, వెంటనే పొడి స్వాబ్‌తో తీయాలి. పక్కనే మరకలేని చోటు నుంచి కూడా ఒక స్వాబ్ తీసి విడిగా పంపాలి. మరకలో దొరికిన ప్రొఫైల్ ఈ ఖాళీ చోటులోనూ దొరికితే నమూనాను అనుమానించాల్సిందే. తడి బట్టలను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే తేమకు బూజు పట్టి డీఎన్ఏ విరిగిపోతుంది. ఎండలో ఆరబెట్టినా చెడుతుంది. ఇవన్నీ మన క్లూస్ టీమ్‌లకు తెలియనివి కావు. వారు వచ్చేలోపు గుమిగూడిన జనం, ముందు వచ్చిన కానిస్టేబుళ్ళు, శవాన్ని కదిలించిన బంధువులు ఏమేమి ముట్టుకున్నారో రాసేవారే ఉండరు.

వేలిముద్రల పౌడరు బ్రష్ సంగతి అంతగా ఎవరికీ పట్టదు. కిటికీ చువ్వ మీద బ్రష్ తిప్పితే, దాని వెంట్రుకలకు అక్కడి చర్మకణాలు అంటుకుంటాయి. అదే బ్రష్ మరో ఇంట్లో తిప్పితే అవి అక్కడికి వెళ్తాయి. ఈ బదిలీ ప్రయోగాల్లో రుజువైంది. వేలిముద్రకు దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే బ్రష్ గీతల అమరికను మోసుకుపోలేదు. అదే చోట తర్వాత తీసే డీఎన్ఏకు మాత్రం ముప్పు. డీఎన్ఏ కూడా కావలసిన చోట ముందు స్వాబ్ తీయాలి, లేదా ఒకసారి వాడి పారేసే బ్రష్ వాడాలి. ముద్రను సవాలు చేసే దారి వేరు. టేపుతో లేపకముందే స్కేలు పెట్టి ఫోటో తీశారా, ఏ వస్తువు మీద ఏ చోట నుంచి లేపారో కార్డు మీద ఉందా, పోల్చిన రెండో నిపుణుడికి మొదటి నిపుణుడి అభిప్రాయం ముందే తెలుసా అని అడగాలి. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ళ కేసులో ఒరెగాన్‌కు చెందిన ఒక న్యాయవాది ముద్ర సరిపోయిందని ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. చివరికి అది అల్జీరియా వ్యక్తిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు. కంప్యూటర్ కోట్ల ముద్రల్లోంచి బాగా పోలిన ముద్రను ఏరి ఇచ్చింది, దాని వెనుకే మనుషుల కళ్ళు నడిచాయి.

సామగ్రి నుంచే కాలుష్యం వస్తే? జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో నలభై దాకా నేరస్థలాల్లో ఒకే గుర్తు తెలియని స్త్రీ డీఎన్ఏ దొరికింది. 2007లో హైల్‌బ్రాన్‌లో జరిగిన మహిళా పోలీసు హత్య కూడా అందులో ఒకటి. ఆచూకీ చెబితే మూడు లక్షల యూరోలు ఇస్తామన్నారు. 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్ఏ స్వాబ్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే మహిళది. స్వాబ్‌లు స్టెరిలైజ్ చేసినవే. స్టెరిలైజ్ చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి, డీఎన్ఏ మిగిలిపోతుంది. ప్రతి స్వాబ్ మీదా ఆమె కణాలు లేకపోవడంతో అనుమానం రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ తర్వాతే డీఎన్ఏ లేని సామగ్రికి ఐఎస్ఓ 18385 ప్రమాణం వచ్చింది.

హైల్‌బ్రాన్‌లో కలుషిత ప్రొఫైల్‌కు పేరు లేదు, అందుకే ఎవరూ జైలుకు వెళ్ళలేదు. మెల్‌బోర్న్‌లో ఆ ప్రొఫైల్ డేటాబేస్‌లో ఉన్నవాడిది, అతను జైలుకు వెళ్ళాడు. డేటాబేస్ పెరిగేకొద్దీ ప్రతి పొరపాటుకూ ఒక పేరు దొరుకుతుంది. మన 2022 నేర గుర్తింపు చట్టం అరెస్టయినవారి వేలిముద్రలను, కొన్ని నేరాల్లో జీవ నమూనాలను కూడా తీసుకోనిస్తుంది, రికార్డులను 75 ఏళ్ళు దాచనిస్తుంది. అనుమానితుల ప్రొఫైళ్ళు దాచే ముందు, నమూనాలు తీసే డాక్టర్లవీ క్లూస్ టీమ్ సభ్యులవీ ల్యాబు సిబ్బందివీ ప్రొఫైళ్ళు దాచి, ప్రతి ఫలితాన్నీ ముందు వాటితో పోల్చాలన్నది నా అభిప్రాయం. 2025 ఆదేశాల్లో ఈ మాట లేదు.

కోర్టులో దీన్ని ఎవరు అడగాలి? భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిపుణుడి రిపోర్టును, ఆయన బోనెక్కకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. కోర్టు తలుచుకుంటే పిలిపించవచ్చు. డిఫెన్స్ న్యాయవాది గట్టిగా కోరకపోతే చాలాసార్లు ఒకటి రెండు పేజీల రిపోర్టే మిగులుతుంది. ఆయన కోరాల్సింది ముడి గ్రాఫులు, ఆ రోజు అదే బ్యాచ్‌లో ఎవరి డీఎన్ఏ లేకుండా నడిపిన ఖాళీ నియంత్రణ నమూనాల ఫలితాలు, ఆ బ్యాచ్‌లోని మిగతా నమూనాల జాబితా. ఖాళీ నమూనాలో ఏదైనా ప్రొఫైల్ కనిపిస్తే ల్యాబులోనే కాలుష్యం జరిగినట్టు. గ్రాఫులో డీఎన్ఏ ఒకే స్థానం దగ్గర రెండుకు మించి శిఖరాలు కనిపిస్తే ఒకరికంటే ఎక్కువ మంది కణాలు కలిశాయేమో చూడాలి.

మెల్‌బోర్న్ తరహా తప్పు ఈ గ్రాఫుల్లోనూ దొరకదు. దానికి పోలీసు కేసులకు సంబంధించిన వైద్య పరీక్షలు నమోదు చేసే, ఆసుపత్రిలో ఉండే ఎంఎల్‌సీ రిజిస్టరు కావాలి. నమూనా తీసిన రోజుకు ముందు రెండు రోజుల్లో ఆ గదిలో ఎవరెవరిని పరీక్షించారు, ఏ డాక్టరు, ఏ వేళకు అన్నది పేర్లు కప్పి తెప్పించుకోవచ్చు. జిల్లా ఆసుపత్రుల్లో లైంగిక దాడి పరీక్షలకు ఒకే గది, ఒకే మంచం, డ్యూటీలో ఒకే డాక్టరు ఉండటం మామూలే. రెండు పరీక్షల మధ్య ఆ మంచం ఎవరు, దేనితో తుడిచారో కూడా అదే దరఖాస్తులో అడగాలి.