ntoskrnl.exe నిర్దోషి, నా దగ్గర సాక్ష్యాలున్నాయి

చాలా బరువైన మనసుతో రాస్తున్నా. కంప్యూటర్ల లోకంలో రోజూ ఒక అన్యాయం జరుగుతోంది, దాని గురించి ఎవరూ నోరు మెదపట్లేదు. ఎవరి కంప్యూటర్ నీలంగా మారినా, క్రాష్ వివరాలు దాచే డంప్ ఫైల్ చూపించే ఏదో చిన్న టూల్ ఒకటి దించుకోవడం, అందులో ఎర్రగా ntoskrnl.exe అని కనపడగానే "దొరికాడు దొంగ" అని సంబరపడడం, సాయంత్రానికి విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించడం. మా బావమరిదైతే ఇంకో మెట్టు పైకెక్కి "బావా, ఈ ఫైల్ పేరే వైరస్ పేరులా ఉంది, డిలీట్ కొట్టేయనా?" అని అడిగాడు. అది విండోస్ కెర్నల్ రా నాయనా, దాని గుండెకాయ, అది పోతే నీలం స్క్రీన్ చూపించడానికి కూడా ఎవరూ మిగలరు అని చెప్పా. నమ్మలేదు, అనుమానంగా చూశాడు.

అసలు సంగతేంటంటే, లోపల ఎవరు ఏ తప్పు చేసినా చివర్లో "ఇక చాలు, ఆపేద్దాం" అని మెషీన్‌ని నిలబెట్టేది కెర్నలే. KeBugCheckEx అనే ఫంక్షన్ దాని ఇంటిది. అందుకే ప్రతి క్రాష్‌లోనూ ఘటనా స్థలంలో దాని పేరు ఉంటుంది. చావు కబురు చెప్పడానికొచ్చినవాడిని పట్టుకుని హంతకుడంటే ఎలా? అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

నీలం స్క్రీన్ మీద కనపడే స్టాప్ కోడ్ సంగతీ అంతే. అది తీర్పు కాదు, ఎక్కడ పడిపోయిందో చెప్పే చిరునామా, అంతే. ఉదాహరణకి PAGE_FAULT_IN_NONPAGED_AREA, అంటే 0x50, తీసుకోండి. లేని మెమరీ అడ్రస్‌ని ఎవరో చదవబోయారు అని దాని భావం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, చాలా స్క్రీన్ల మీద కనపడింది ఈ కోడే, పక్కన csagent.sys అని డ్రైవర్ పేరు కూడా. అక్కడ ఎవరి ర్యామూ చెడిపోలేదు. కానీ అదే 0x50 మీ ఇంట్లో ఒక్క మెషీన్‌లో, ఒకసారి ఒక ఫైల్ పేరుతో, ఇంకోసారి ఇంకో పేరుతో వస్తే కథ వేరే. అడ్రస్ రాసిపెట్టుకున్న ర్యామ్ గదిలో ఒక్క బిట్ తిరగబడినా కెర్నల్ లేని చోటికే వెళ్తుంది, కోడ్ మాత్రం అదే వస్తుంది. కాబట్టి కోడ్‌ని సెర్చ్‌లో కొట్టి మొదట కనపడిన సలహా పాటించే మహానుభావులకి నా నమస్కారం, మీరు జ్యోతిష్యం వైపు వెళ్తే బాగా రాణిస్తారు.

మరి ఎలా తేల్చాలి? ఒక్క క్రాష్‌ని చూసి తేల్చకూడదు, నాలుగైదు పక్కపక్కన పెట్టుకోవాలి. C:\Windows\Minidump ఫోల్డర్‌లో ఒక్కో క్రాష్‌కి ఒక్కో చిన్న ఫైల్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత WinDbg లో వాటిని తెరిచి ఒక్క కమాండ్ కొడితే చాలు:

```
!analyze -v
```

డ్రైవర్ తప్పు చేస్తే అది పద్ధతిగల దొంగ. ప్రతిసారీ అదే కోడ్, దాదాపు అదే ఫైల్ పేరు, అదే పని చేస్తున్నప్పుడు: వైఫై ఆన్ చేయగానే, స్లీప్ నుంచి లేపగానే, గేమ్ మొదలుపెట్టగానే. 0xD1 కోడుతో ఒక .sys ఫైల్ మూడుసార్లు వచ్చిందంటే ఆ డ్రైవర్ పాత వెర్షన్‌కి వెళ్లడమో కొత్తది వేయడమో చేసి చూడాలి. చెడిపోయిన ర్యామ్‌కి పద్ధతీ పాడూ ఉండదు. ఇవాళ ఒక కోడ్, రేపు ఇంకోటి, ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు, ఒకసారి నెట్‌వర్క్ డ్రైవర్ పేరు, ఒకసారి ఎవరి పేరూ ఉండదు, బ్రౌజర్ ట్యాబ్‌లు ఊరికే కూలిపోతుంటాయి, డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైల్ విప్పబోతే పాడైందంటుంది, మళ్లీ విప్పితే బాగానే ఉంటుంది. అన్ని పేర్లూ వస్తున్నాయంటే ఆ పేర్లలో ఎవరూ దోషి కాదని అర్థం, వాళ్లందరూ నడిచే నేలలోనే గొయ్యి ఉంది.

ఇప్పుడు బావమరిది కేసు. తొమ్మిది రోజుల్లో ఐదు డంపులు. మొదటిది 0x1A, అంటే MEMORY_MANAGEMENT. వీడు ఆ పేరు చూసి "మెమరీ ఫుల్ అయింది" అనుకుని ఫొటోలు డిలీట్ చేశాడు, పెళ్లి ఫొటోలతో సహా (దాని మీద ఇంట్లో వేరే విచారణ నడుస్తోంది). రెండోది 0x50, గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో, దాంతో డ్రైవర్ మార్చాడు. మూడోది 0x3B, ఈసారి పేరు ఆడియో డ్రైవర్‌ది, దాన్నీ మార్చాడు. నాలుగోది 0x0A. ఇక విసుగొచ్చి విండోస్ మళ్లీ ఎక్కించడం మొదలెట్టాడు, సగంలో ఫైల్స్ పాడయ్యాయని ఇన్‌స్టాలే ఆగిపోయింది, పెన్‌డ్రైవ్ మంచిది కాదని కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాడు, రెండో ప్రయత్నంలో ఎక్కింది, మర్నాడు పొద్దున్నే ఐదో నీలం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాడు, పైగా అది తగలాల్సిన చోట తగల్లేదు.

నా అదృష్టం, పాత నాలుగు డంపులు పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచాడు. మూడోది తెరిస్తే ఈ మాటలు కనపడ్డాయి:

```
MODULE_NAME: memory_corruption
IMAGE_NAME:  memory_corruption
MEMORY_CORRUPTOR:  ONE_BIT
```

ఇది చిన్న విషయం కాదు. మెమరీలో ఉన్న విండోస్ కోడ్‌ని మైక్రోసాఫ్ట్ దగ్గరున్న అసలు కాపీతో పోల్చి, ఒకే ఒక్క బిట్ తేడా ఉందని డీబగ్గర్ చెప్తోంది. ఆ కోడ్ ఉండే పేజీల్లో రాయడానికి మామూలుగా ఎవరికీ అనుమతి ఉండదు, దారితప్పిన డ్రైవర్ రాసినా ఒక ముక్క మొత్తం చెరిపేస్తుంది కానీ సూది పెట్టి పొడిచినట్టు ఒక్క బిట్ మార్చడం అరుదు. అక్కడితో నా వేలు ర్యామ్ వైపు తిరిగింది.

కానీ వేలు చూపిస్తే సరిపోదు, రుజువు కావాలి. విండోస్‌తో వచ్చే ర్యామ్ పరీక్ష mdsched.exe బావమరిది అప్పటికే నడిపాడట, తప్పులేం లేవందట. అది పైపైన చూసి "బాగానే ఉన్నావు పో" అని పంపించే డాక్టర్ లాంటిది, తప్పు ఉందంటే నమ్మొచ్చు, లేదంటే పూర్తిగా నమ్మలేం. అందుకే Memtest86+ అనే ఇంకా గట్టి ర్యామ్ పరీక్షని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేశాం. మొదటి పాస్, అంటే మొదటి చుట్టు, శుభ్రం. రెండో పాస్‌లో ఎర్ర గీతలు, అడ్రస్ అదే, రావాల్సిన విలువకీ వచ్చిన విలువకీ తేడా అదే బిట్. ఒక్క పాస్ చూసి మంచం ఎక్కి ఉంటే దొంగ తప్పించుకునేవాడు, కనీసం నాలుగు పాస్‌లు నడవనివ్వాలి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. ర్యామ్ మంచిదే అయ్యుండి, బయాస్‌లో XMP పెట్టి తట్టుకోలేని వేగంతో పరిగెత్తిస్తున్నా ఇలాంటి తప్పులే వస్తాయి. అందుకే XMP తీసేసి మళ్లీ నడిపాం, తప్పులు అలాగే ఉన్నాయి. తర్వాత రెండు 8 జీబీ ర్యామ్ కర్రల్లో ఒకటి పీకి ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాం, రెండో కర్రలోనే తప్పులొచ్చాయి. దాన్ని ఇంకో స్లాట్‌లో పెట్టినా వచ్చాయి. కర్రతో పాటు తప్పు కదిలితే కర్రది, స్లాట్ దగ్గరే ఆగిపోతే మదర్‌బోర్డుది. ఇది కర్రదే. అది బయటికెళ్లాక మెషీన్ రెండు నెలలుగా నీలం చూడలేదు.

మెమ్‌టెస్ట్ రాత్రంతా శుభ్రంగా వచ్చి, పేర్లు మాత్రం మారుతూనే ఉంటే? అప్పుడు ఒక డ్రైవర్ దొంగతనంగా పక్కవాడి మెమరీని పాడుచేసి, ఆ పక్కవాడు దొరికిపోతున్నాడేమో చూడాలి. verifier అని కొడితే వచ్చే డ్రైవర్ వెరిఫయర్‌లో మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లని మాత్రం టిక్ పెట్టాలి, తప్పు చేసినవాడిని అది అక్కడికక్కడే 0xC4 లాంటి కోడుతో పడేస్తుంది. బూట్ అవకముందే పడిపోతూ ఉంటే సేఫ్ మోడ్‌లోకెళ్లి verifier /reset కొట్టండి. ఈ రెండో కమాండ్ తెలియకుండా మొదటిది కొట్టినవాళ్లని నేనెరుగుదును, వాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడరు.

డిస్క్ చచ్చిపోతున్న కేసు వేరే రకం, అక్కడ చాలాసార్లు డంపే మిగలదు. మామగారి లాప్‌టాప్‌లో జరిగిందదే. మౌస్ కదులుతుంది, ఏది నొక్కినా తెరుచుకోదు, అరనిమిషం ఇలా మొండికేసి అప్పుడు నీలం (ఈమధ్య కొత్త విండోస్ 11 లో అది నలుపైంది, సంతాప సూచకంగా కాబోలు). శాతం సున్నా దగ్గరే నిలబడిపోతుంది. మినీడంప్ ఫోల్డర్ చూస్తే ఖాళీ. "డంప్ లేదంటే పెద్ద సమస్య కాదేమో అల్లుడూ" అన్నారు మామగారు. డంప్ రాయాల్సింది ఆ డిస్క్ మీదే కదా మామయ్యా, డిస్కే పలకనప్పుడు మరణ వాంగ్మూలం ఎక్కడ రాస్తుంది? డంప్ సెట్టింగ్ ఆపేసి ఉన్నా, పేజ్‌ఫైల్ తీసేసినా, క్లీనర్ ప్రోగ్రామ్ ఊడ్చేసినా ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది కాబట్టి ముందు అవి చూసుకున్నా. అవేవీ కాదు.

ఈవెంట్ వ్యూయర్‌లో Kernel-Power 41 తెరిస్తే BugcheckCode దగ్గర 122 అని ఉంది. ఇది దశాంశ లెక్క, చాలామంది దీన్నే 0x122 అనుకుని ఎక్కడెక్కడో వెతుకుతారు. 122 అంటే 0x7A, అంటే KERNEL_DATA_INPAGE_ERROR, డిస్క్ మీదున్న పేజీని మెమరీలోకి తెచ్చుకోలేకపోయానని కెర్నల్ మొర. దాని రెండో పారామీటర్ అసలు కబురు చెప్తుంది: 0xC000009C అయితే డిస్క్ మీద చెడు బ్లాకులు, 0xC0000185 అయితే డిస్క్‌తో పాటు కేబుల్‌ని, కనెక్షన్‌ని కూడా అనుమానించాలి. మామగారిది మొదటి రకం. పైగా సిస్టమ్ లాగ్‌లో disk పేరుతో ఈవెంట్ 7 వరసగా ఉంది, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రీడింగ్‌లో C5, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టర్ల లెక్క, పొద్దుటికీ సాయంత్రానికీ పెరిగింది. C7, అంటే కేబుల్ దారిలో వచ్చిన తప్పుల లెక్క, ఒక్కటే పెరిగి ఉంటే ముందు కేబుల్ బిగించి చూసేవాణ్ని.

అప్పటికే మామగారు ఎవరో చెప్పారని chkdsk /r నడపబోతున్నారు. ఆపా. అది డిస్క్ మొత్తం చదివించే పని, ఆయాసపడుతున్నవాడిని మెట్లెక్కించడం లాంటిది. ముందు ఫైల్స్ బయటికి లాగాం, చివరి ఫోల్డర్ కాపీ అవుతుండగా డిస్క్ టిక్కుటిక్కుమని మూలిగి ఆగిపోయింది, ఆ తర్వాత బయాస్‌లో కూడా కనపడలేదు.

ఇదంతా పక్కన కూర్చుని శ్రద్ధగా చూసిన బావమరిది చాలాసేపు ఆలోచించి అడిగాడు: "అంటే బావా, మా నాన్న దాంట్లో ntoskrnl.exe అదే చచ్చిపోయిందన్నమాట, మనం డిలీట్ చేయక్కర్లేదు."