పరగడుపున కాకర రసం, ఆపైన షుగర్ మాత్ర

"ప్రకృతిసిద్ధం కదా, ఏమీ కాదు" అనే మాట విన్నప్పుడల్లా నాకు మా మామయ్యకి పట్టిన చెమట గుర్తొస్తుంది. ఈ పోస్టు కోపంతోనే రాస్తున్నాను. నేను 11 ఏళ్లుగా ఫార్మసిస్టుని. కాకరకాయ మీద నాకు పగేమీ లేదు. కోపమంతా "పరగడుపున" అనే మాట మీద, మాత్రలు వేసుకునేవాళ్లకి ఆ మాటని ఆలోచించకుండా చెప్పేవాళ్ల మీద.

మామయ్యకి 63 ఏళ్లు. షుగర్‌కి పొద్దున గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500. బీపీకి మెటోప్రొలాల్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.2 ఉండేది. ఆయన వయసుకి బాగున్నట్టే. ఎవరో చెప్పారని పొద్దున ఆరింటికి రెండు కాకరకాయల రసం, దాంతోపాటు గుప్పెడు వేపాకు మొదలుపెట్టారు. తాగాక గంటసేపు ఏమీ తినకూడదని కూడా చెప్పారట. ఆయన నియమం తప్పే మనిషి కాదు. రసం తాగి, ఎప్పటిలా ఏడున్నరకి మాత్రలు వేసుకుని నడకకి వెళ్లేవారు. అంతకుముందు ఎనిమిదికల్లా టిఫిన్ చేసేవారు, ఇప్పుడు చేదుకి కడుపులో తిప్పుతోందంటూ తొమ్మిదిన్నర దాకా జరుపుతున్నారు.

తొమ్మిదో రోజున నడక నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. ఎండకి అలా అయిందేమోనని అత్తయ్య ఫ్యాన్ వేసింది. కాసేపటికి ఆయన ఆమెని మా అమ్మ పేరు పెట్టి పిలిచారు. అప్పుడు అత్తయ్యకి భయమేసి మీటర్ తెచ్చి వేలు గుచ్చింది. 46.

70 కంటే తగ్గితే షుగర్ పడిపోయినట్టు. 54 కంటే తగ్గితే మెదడుకి ఇంధనం అందడం లేదన్నమాట, మాట తడబడేది, మనుషుల్ని పోల్చుకోలేనిది అందుకే. మామూలుగా అంతకు ముందే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మామయ్యకి ఆ రెండూ తెలియలేదు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు ఆ వణుకునీ దడనీ కప్పేస్తాయి. చెమటని మాత్రం కప్పలేవు. ఆ మాత్రలు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: కారణం లేకుండా చెమట పడితే ముందు మీటర్ తీయాలి.

అంతలా ఎందుకు పడిపోయింది? చాలామంది "రసం అంత పవర్‌ఫుల్" అంటారు. నేనలా అనుకోను. గ్లిమెపిరైడ్ పని తీరు చూడండి. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది. రక్తంలో షుగర్ ఎక్కువుందా తక్కువుందా అని అది చూడదు. అందుకే దాన్ని రోజులో మొదటి భోజనంతో కలిపి వేసుకోమంటారు. మామయ్య మాత్ర వేసుకుని రెండు గంటలు తినలేదు, పైగా నడిచారు, నడిస్తే కండరాలు షుగర్ లాక్కుంటాయి. దాని మీద కాకర రసం ఎంతో కొంత తగ్గించే ఉంటుంది. నా లెక్కలో రసం చేసిన పెద్ద చెడుపు టిఫిన్‌ని వెనక్కి నెట్టడమే. కిడ్నీలు కూడా కొంచెం మందగించాయని, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 ఉందని ఆ రోజే తెలిసింది. అలాంటివాళ్ల ఒంట్లో గ్లిమెపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది.

అత్తయ్య నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించింది. ఆయన మింగగలుగుతున్నారు కాబట్టి సరిపోయింది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పావుగంటకి 98 వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పదకొండున్నరకి మళ్లీ 61. ఈ రకం మాత్రలతో ఇదే మోసం, ఒకసారి లేచింది కదా అని వదిలేస్తే మళ్లీ పడిపోతుంది. హాస్పిటల్లో నరంలోకి డెక్స్‌ట్రోజ్ అనే గ్లూకోజ్ ఎక్కించి మర్నాటి పొద్దుటిదాకా గంట గంటకీ చూశారు.

ఇంతవరకూ ప్రమాదం. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ తర్వాతి మాట. "చూశారా, రసం అంత పని చేస్తుంటే ఇక మాత్రలెందుకు" అన్నారు బంధువులు. మామయ్యకీ అది నచ్చింది. మాతో చెప్పకుండా షుగర్ మాత్రలన్నీ మానేసి రసం, వేపాకు మాత్రం కొనసాగించారు. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 9.4. రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నా వయసు వల్లేలే అనుకున్నారట.

మాత్రతో కలిస్తే ప్రమాదం, ఒంటరిగా చాలదు. ఈ రెండూ ఒకే రసం గురించి ఎలా నిజమవుతాయని అడుగుతారు. అవుతాయి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్లకి రోజుకి 2 గ్రాముల ఎండు కాకర పొడి ఇస్తే షుగర్ కొద్దిగా తగ్గింది, కానీ రోజుకి గ్రాము మెట్‌ఫార్మిన్ తగ్గించినంత కాదు. 2012లో, వైద్య అధ్యయనాల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష నాలుగు అధ్యయనాల్లోని 479 మందిని కలిపి చూసి, కాకరని మందుగా సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవని తేల్చింది. అంత కొద్దిపాటి తగ్గుదల మాత్రకి బదులు కాలేదు. అప్పటికే అంచున ఉన్న మనిషిని కిందికి నెట్టడానికి మాత్రం అది చాలు. పాతకాలపు షుగర్ మాత్ర క్లోర్‌ప్రొపమైడ్ వేసుకునే ఒకావిడకి కాకర కూరతోనే ఇబ్బంది వచ్చిందని 1979లోనే లాన్సెట్ పత్రికలో రాశారు.

కొలత సంగతి చూస్తే ఇంకా అన్యాయం. మాత్ర మీద 2 మిల్లీగ్రాములు అని ఉంటుంది. రసం మీద ఏముంటుంది? లేతదా ముదురుదా, గింజలతో రుబ్బారా తీసేశారా, వడకట్టారా లేదా, దేన్నిబట్టైనా మారిపోతుంది. గింజల్లో వైసిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్నవాళ్లకి దాంతో ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది.

వేపాకుకి ఉన్న రుజువులు కాకర కంటే పల్చన. నాలుక మీది చేదు రక్తంలోని తీపిని కొట్టేస్తుందనేది ఊహ మాత్రమే. గర్భిణులూ, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్లూ కాకర రసం, వేప రెండింటికీ దూరంగా ఉండాలి. పిల్లలకి వేపనూనె పట్టొద్దు, దాంతో ప్రాణాపాయాలే జరిగాయి. ఇక ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ వాళ్లకి రసం పేరు చెప్పి ఇన్సులిన్ మాన్పించడమంటే రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికొచ్చే కీటోఅసిడోసిస్‌లోకి తోయడమే.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి ఈ పడిపోయే భయం చాలా తక్కువ. మీ మాత్రల అట్ట మీద గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అని ఉన్నా, ఇన్సులిన్ వాడుతున్నా పరగడుపున ఈ రసం జోలికి పోకండి. కాకర ఇష్టమైతే భోజనంలో కూరగా తినండి, అప్పుడు పక్కన అన్నమో రొట్టో ఉంటుంది. అయినా రసమే తాగుతానంటే డాక్టర్‌కి చెప్పి తాగండి, మాత్ర తగ్గించాలా వద్దా ఆయన చూస్తారు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపేయాలి.

మామయ్యకి ఇప్పుడు గ్లిమెపిరైడ్ తీసేసి, షుగర్‌ని అంత సులువుగా పడగొట్టని లినాగ్లిప్టిన్ మాత్ర రాశారు. మార్చేటప్పుడు డాక్టర్ గారు "రసం మొదలుపెట్టిన వారంలోనే నా దగ్గరికొచ్చారు కదా, వేరే ఏమైనా వాడుతున్నారా అని అడిగితే లేదన్నారెందుకండీ?" అన్నారు. మామయ్య తల దించుకుని, "అది మందు కాదు కదండీ" అన్నారు.