చుట్టాల కోసం సోఫా కమ్ బెడ్ కొనేముందు టేపు పెట్టి కొలవండి

పెళ్లి షాపింగ్ అయినా, ఆసుపత్రి పని అయినా, పిల్లాడి కౌన్సెలింగ్ అయినా ఊళ్లో ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో దిగేది చుట్టాల ఫ్లాట్‌లోనే. రెండు పడగ్గదుల ఇంట్లో ఇంకో ఐదుగురిని పడుకోబెట్టాలంటే ముందు గుర్తొచ్చేది సోఫా కమ్ బెడ్. పగలు సోఫా, రాత్రి మంచం, చోటు కలిసొస్తుందని షాపులో లాగి చూపిస్తారు. ఆ మాట మన హాల్లో ఎంతవరకు నిలబడుతుందో లెక్క వేసి చూద్దాం.

హాలు వెడల్పు 10 అడుగులు అనుకోండి. ఒక గోడకు సోఫా, ఎదురుగోడకు టీవీ యూనిట్. టీవీ యూనిట్‌కు అడుగున్నర పోతుంది. మూసి ఉన్నప్పుడు 3 అడుగులుండే సోఫా కమ్ బెడ్, తెరిస్తే దాదాపు 6 అడుగులు ముందుకొస్తుంది. నడవడానికి మిగిలేది రెండున్నర అడుగులు, పడుకునేది ఇద్దరు. దాని బదులు అదే గోడకు 3 అడుగుల దివాన్ కాట్ వేసి, దాని పక్కన కింద 3 అడుగుల పరుపు పరిస్తే? అప్పుడూ దారి రెండున్నర అడుగులే, పడుకునేదీ ఇద్దరే. అంటే రాత్రిపూట సోఫా కమ్ బెడ్ ఒక్క అంగుళం కూడా ఆదా చేయదు. పైగా చాలావాటిలో సీటూ ముందుకు లాగిన భాగమూ కలిసేచోట ఒక గీత ఉంటుంది, అది సరిగ్గా నడుముకో భుజానికో తగులుతుంది. షాపులో రెండు నిమిషాలు కూర్చుంటే తెలియదు. పక్కకు తిరిగి పావుగంట పడుకుంటే తెలుస్తుంది, సేల్స్‌మన్ ఏమనుకున్నా సరే.

దివాన్‌కు విరిగే మెకానిజం లేదు. పగలు దిండ్లు ఆనించి కూర్చోవచ్చు, పెట్టె ఉన్న రకమైతే అందులో దుప్పట్లు, తలగడలు పెట్టుకోవచ్చు. సోఫా అంత షోకుగా ఉండదన్నది ఒక్కటే దానిమీద ఫిర్యాదు.

ఇప్పుడు మనుషుల్ని సర్దుదాం. ఇంట్లో భార్యాభర్తలు, ఒక అబ్బాయి. వచ్చినవాళ్లు అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, పిన్ని కొడుకు, చిన్నకూతురు. అమ్మమ్మా తాతయ్యా "మాకెందుకమ్మా, కింద చాప చాలు" అంటారు. ఆ మాట వినకూడదు. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గది వాళ్లదే, ఎందుకంటే రాత్రి రెండుసార్లు లేచేది వాళ్లే. రెండో గదిలో 5 అడుగుల మంచం మీద పిన్ని, చిన్నపిల్ల, ఇల్లాలు. కబుర్లకు అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. హాల్లో దివాన్ మీద ఇంటాయన, కింద ఇద్దరు మగపిల్లలు. పిల్లల పరుపులు పక్కపక్కన వేస్తే దారి మూసుకుపోతుంది, అందుకే డైనింగ్ టేబుల్‌ను గోడకు జరిపి, ఒకదాని తర్వాత ఒకటి పొడవుగా వేయాలి. పొద్దున పాలవాడికి తలుపు తీసేవాళ్లు హాల్లోనే ఉండటం కూడా మంచిదే.

కింద వేసే పరుపు మూడు మడతలది, 4 అంగుళాల మందం ఉంటే నయం. మోకాలితో గట్టిగా నొక్కి చూడండి. నేల తగిలిందంటే పక్కకు తిరిగి పడుకున్నవాళ్ల తుంటికీ తగులుతుంది. అసలు చిక్కు టైల్స్‌తో వస్తుంది. ఒంటి చెమట, వేడి పరుపులోంచి దిగి చల్లటి టైల్ దగ్గర తేమగా మారుతుంది. చుట్టాలు వారం ఉండి, పరుపు కదపకుండా అక్కడే ఉంచితే అడుగున నల్లచుక్కలు కనిపిస్తాయి, ముక్కిపోయిన వాసన వస్తుంది. కింద చాప వేసి, పొద్దున లేవగానే మడతపెట్టకుండా ఓ గంట గోడకు నిలబెడితే ఆ బెడద ఉండదు. దూది పరుపైతే ఎండ తప్పనిసరి.

మరి మడత మంచం ఎప్పుడు పనికొస్తుందంటారా? గదులు నిండిపోయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంకొకరు వచ్చినప్పుడు. కింద పడుకోవడం వాళ్లకు కష్టం కాదు, పొద్దున లేవడం కష్టం. చాలా మడత మంచాలు అడుగుకు కాస్త ఎక్కువ ఎత్తులోనే ఉంటాయి, మీద పరుపు వేస్తే కూర్చుని లేవడానికి వీలైన ఎత్తు వస్తుంది. కాకపోతే మంచం కాళ్లకు అవతల, చివరన కూర్చుంటే రెండోవైపు పైకి లేస్తుంది. ఆ చివరను గోడకు ఆనించి, దిగేది మధ్యలోంచే అని ముందే చెప్పాలి. నవారు వదులైతే నడుము గుంటలోకి పోతుంది, కాబట్టి చుట్టాలు రాకముందే ఒకరాత్రి ఇంట్లోవాళ్లే దానిమీద పడుకుని చూడటం మేలు.