‘అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం’ అని దయచేసి రాసుకోకండి

“కొత్త టీమా? మొదటి రోజే చార్టర్ రాసేయండి. 1. ప్రతి నిర్ణయం అందరూ ఒప్పుకుంటేనే. 2. ఏ మెసేజ్‌కైనా ఐదు నిమిషాల్లో జవాబు. 3. ఒకరినొకరు గౌరవించుకోవాలి. 4. అందరూ సంతకం పెట్టాలి. మీ టీమ్‌కి పంపండి!”

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా నా వాళ్ళే, అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

మొదటి పాయింటు నష్టం చేస్తుంది. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో ఏడుగురం కొత్తగా కలిసినప్పుడు మేమూ ఇదే రాసుకున్నాం. తేజ రకం మిర్చి లాట్ ఒకదానిలో కొన్ని బస్తాల కాయ మెత్తగా తగిలింది. మళ్ళీ ఆరబెట్టాలా, లోడ్ చేసేయాలా? ఏడో మనిషి తెనాలిలో పెళ్ళికి వెళ్ళి ఫోన్ ఎత్తలేదు. లారీ రెండు రోజులు ఆగింది, హాల్టింగ్ చార్జీలు పడ్డాయి. మూడో రోజు పెద్దాయన “పంపించేద్దాం, ఏమంటారు?” అన్నారు. అందరం “సరే సార్” అన్నాం, క్వాలిటీ చూసే అమ్మాయితో సహా. సరుకు కొన్నవాళ్ళకి చేరేసరికి ఆ బస్తాలకి బూజు పట్టింది. ఎవరి నిర్ణయం అని అడిగితే, అందరిదీ అన్నారు. అంటే ఎవరిదీ కాదు! పెద్దాయన ఎదుట మన ఆఫీసుల్లో మౌనాన్ని ఒప్పుకోలు కింద లెక్కేస్తారని మీకు తెలియదా?

తర్వాత ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాం: “తేమ మీద నిర్ణయం క్వాలిటీ చూసే మనిషిది. ముందు కొనుగోలు, డిస్పాచ్ వాళ్ళని అడగాలి. సాయంత్రం నాలుగులోపు చెప్పాలి. ఆ మనిషి లేకపోతే ఎవరు చెప్పాలో ముందే పేరు రాసి ఉండాలి.” అభ్యంతరం చెప్పేవాళ్ళు జరగబోయే నష్టమేంటో చెప్పాలి. “నాకు నచ్చలేదు” అంటే నిర్ణయం ఆగదు. “ఇది కంటైనర్‌లో బూజు పడుతుంది” అంటే ఆగి చూడాలి. ఏం నిర్ణయించారో, ఎందుకో అదే రోజు ఒక నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాయాలి. అందరి ఒప్పుకోలు చార్టర్‌ని మార్చడానికి మాత్రమే ఉంచాం. ఒకే విషయం మూడో మీటింగ్‌కీ వచ్చిందంటే అది ఎవరి నిర్ణయమో రాయలేదన్నమాట.

ఐదు నిమిషాల్లో జవాబా? గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టే మనిషి ఫోన్ చూస్తే లెక్క తప్పుతుంది. లారీ ఆగితే ఫోన్ చేయండి, ఈరోజు పనైతే గ్రూపులో పెట్టండి, సాయంత్రంలోపు చూస్తారు. మిగతావి పొద్దున మీటింగ్‌లో చెప్పుకోవచ్చు.

గౌరవం సంగతి: అది తప్పిందో లేదో ఎలా తెలుస్తుంది? “తప్పు కనిపిస్తే గ్రూపులో పెట్టకుండా ముందు ఆ మనిషికే చెప్పాలి” అని రాస్తే తెలుస్తుంది.

సంతకాల విషయంలో మాత్రం ఆ మెసేజే కరెక్టు. నేను వద్దని వాదించాను. కానీ సంతకం అడిగేసరికి మా డిస్పాచ్ ఆయన కాగితం మొదటిసారి పూర్తిగా చదివి, “నాలుగింటికి నేను లోడింగ్‌లో ఉంటానండీ, మూడు చేయండి” అన్నారు. మూడే చేశాం.