తడి నెత్తిలో బట్టతల వెతికే వాళ్లకు

"మీ జుట్టు ఒత్తుగా ఉందా, పలచబడిందా? పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తెలుసుకోండి. 1. తలస్నానం చేయగానే తడి జుట్టుకు నడి పాపిట తీసి అద్దంలో చూడండి. మాడు కనిపిస్తే బట్టతల మొదలైనట్టే. 2. తడి జుట్టే అసలు జుట్టు. ఆరినాక కనిపించే ఒత్తు అంతా గాలి. 3. పాపిట వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటితే ప్రమాదం. 4. దువ్వెనకు రోజుకు 10 వెంట్రుకలు మించి రాకూడదు. 5. ఒక్కసారి గుండు చేయించుకుంటే రెట్టింపు ఒత్తుగా వస్తుంది. పది మంది ఆడపిల్లలకు పంపి పుణ్యం కట్టుకోండి."

ఈ ఆదివారంతో ఇది నాకు ఏడోసారి వచ్చింది. మా చిన్నమ్మ పంపింది, చీటీ కట్టే అక్క పంపింది, ఇంటర్‌లో నాతో చదివిన ఇద్దరు పంపినారు. ఒకామె అయితే "నువ్వు పార్లర్ నడుపుతాండావు కదా, నీకు పనికొస్తాదని" అని కింద రాసింది కూడా. పనికి రాలేదు తల్లీ, పని పెట్టింది. అనంతపురంలో పద్నాలుగేళ్లుగా ఇతరుల తలలు దువ్వుతున్నాను. ఈ మెసేజ్ పుణ్యమా అని మూడు వారాలుగా దువ్వడం కంటే ఓదార్చడమే ఎక్కువైంది.

చివరి రెండూ ముందే తీసి పక్కన పెడతాను. వెంట్రుకలు రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లు తల దువ్వి, పోసుకునే వాళ్లకు మిగతా రోజులవి కూడా ఆ రోజే కలిసి దువ్వెనకు వస్తాయి. ఇక గుండు సంగతి. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి చర్మం మీద నడుస్తుంది. వరి కోసిన మడిలో దుబ్బులు రెట్టింపైన ఊరు ఎక్కడైనా ఉంటే చెప్పండి, మనమూ కౌలుకు తీసుకుందాం. తిరుమలకు మొక్కుంటే వెళ్లి ఇవ్వండి, ఒత్తు కోసమని వెంకన్నతో బేరం పెట్టుకోవద్దు.

నాకు అసలు కడుపుమంట మొదటి రెండింటి మీద.

మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ మూడో సంవత్సరం. నడుము దాటిన జడ. ఈ మెసేజ్ చదివి, తల పోసుకుని, బాత్రూంలో నెత్తిన వెలిగే ఎల్ఈడీ బల్బు కిందే పాపిట తీసుకుంది. తెల్లగా మాడు కనిపించింది. అంతే, రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు ఒక దుకాణంలో 1,800 రూపాయలు పోసి నూనె కొనుక్కుంది. నాలుగో రోజు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చింది: "చూడక్కా దీని తిక్క, గుండు కొట్టించుకుంటాదంట!"

ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఒత్తు జుట్టున్న తలలో చదరపు సెంటీమీటరుకు 150 వెంట్రుకలు ఉన్నాయనుకోండి. ఒక్కోటి 0.07 మిల్లీమీటర్ల లావు. ఆ 150 కుదుళ్లూ కలిపి ఆక్రమించే చోటు ఎంతో లెక్క వేస్తే, ఆ చదరంలో ఒక శాతం కూడా రాదు. అంటే ఎంత ఒత్తు జుట్టున్న రాణిగారికైనా నెత్తి మీద 99 శాతం ఉత్త చర్మమే. మరి కనిపించదేమంటే, వెంట్రుకలు నిలువుగా నిలబడవు, పక్కకు వాలి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. బోద కొట్టం పైకప్పు చూడండి. ఒక్కో బోద పుల్ల సన్నగానే ఉంటుంది, కానీ వరసగా పరిచినాక సూర్యుడు కూడా దూరలేడు. వాలిన వెంట్రుక 5 సెంటీమీటర్ల మేర పరుచుకుంటే 3.5 చదరపు మిల్లీమీటర్లు కప్పుతుంది. 150 కలిస్తే 525. కప్పవలసింది ఒక్క చదరపు సెంటీమీటరు, అంటే 100 మాత్రమే. అంటే కప్పు ఐదు వరసలు ఉంది.

ఇప్పుడు నీళ్లు పోయండి. రెండు వెంట్రుకల మధ్య చేరిన నీటి పొర, తన అంచును వీలైనంత కుదించుకోవాలని చూస్తూ ఆ రెంటినీ దగ్గరికి లాగుతుంది. దాన్నే తలతన్యత అంటారు, ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో చదివి పరీక్ష రాసి మరిచిపోయి ఉంటాం. పది, ఇరవై, ముప్పై వెంట్రుకలు ఒక పాయగా అతుక్కుంటాయి. పక్కపక్కన పరుచుకున్నప్పుడు ముప్పై వెంట్రుకలు కప్పే వెడల్పు 2.1 మిల్లీమీటర్లు. అవే గుండ్రటి పాయగా చుట్టుకుంటే పాయ వెడల్పు 0.4 మిల్లీమీటర్లే. ఐదో వంతుకు పడిపోయింది! ఐదు వరసల కప్పు ఒక్క వరసయ్యింది, అదీ గాట్లు గాట్లుగా. ఆ సందుల్లోంచి మాడు కనిపించడంలో వింతేముంది? వెంట్రుక ఒక్కటీ తగ్గలేదు. బోద పుల్లలు మోపు కట్టి పెడితే కొట్టంలో ఎండ పడదా?

నమ్మకపోతే ఒక సున్నం కుంచె తీసుకుని బకెట్ నీళ్లలో ముంచండి. లోపల ఉన్నంతసేపు దాని కుచ్చు విచ్చుకునే ఉంటుంది. పైకి తీయగానే ముక్కు మొన లాగా మూసుకుపోతుంది. జుట్టూ అంతే. తల బకెట్లో ముంచినప్పుడు విప్పారుతుంది, పైకి లేపితే అతుక్కుంటుంది. తడి ఒక్కటే కారణమైతే నీళ్లలో ఉన్నప్పుడే ఎక్కువ అతుక్కోవాలి కదా. పని చేసేది నీటికీ గాలికీ మధ్య ఉన్న ఆ అంచు.

దీనికి తోడు ఇంకో దొంగ ఉంది, వెలుగు. ఆరిన జుట్టు వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది. తడిసినాక ఆ చెదరడం తగ్గి నల్లగా, నునుపుగా మెరుస్తుంది. పక్కన లేత రంగు మాడు, పైన బల్బు. తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్ల పంచె తడిస్తే ఒళ్లు ఎందుకు కనిపిస్తుందో అడగండి, మా తాతకు కూడా తెలుసు.

ఇక అసలు తమాషా వినండి. 'తడి జుట్టే అసలు జుట్టు' అట! తడిసిన వెంట్రుక నీళ్లు పీల్చి అడ్డంగా సుమారు 15 శాతం లావెక్కుతుంది, పొడవు ఒకటి రెండు శాతం పెరుగుతుంది. ఒక్కో వెంట్రుకా లావైన వేళ తల మొత్తం సన్నగా కనిపిస్తోందన్నమాట. ఇక ఏది అసలో ఈ మెసేజ్ రాసిన మహానుభావుడే తేల్చాలి.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆరిన జుట్టు ఒత్తులో గాలి ఉన్నమాట నిజమే. ఏకిన దూది పరుపులో కూడా ఎక్కువ భాగం గాలే, అంతమాత్రాన దూది లేదని ఎవరూ అనరు. తల వెంట్రుకల వంపులే ఆ గాలిని పట్టి ఉంచేవి. తడిస్తే ఆ వంపు కొంతసేపు వదులవుతుంది, అందుకే తల చదునుగా పడిపోతుంది.

ఇప్పుడు ఆ 2 మిల్లీమీటర్లు. ఆ కొలత ఎక్కడి నుంచి తెచ్చారో నాకు అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి ఒకే గీతలో పాపిట తీసే వాళ్లకు ఆ దారి కొంచెం వెడల్పుగానే కనిపిస్తుంది, అక్కడి వెంట్రుకలు రెండు వైపులకూ వాలిపోవడం నేర్చుకుని ఉంటాయి. వెంట్రుక లావు సన్నాలు, ఉంగరాలు, రంగు వేసిన తలలో తెల్లగా మొలిచే మొదళ్లు, ఇవన్నీ గీతను మారుస్తాయి. అందరికీ ఒకే గిరిగీసి స్కేలు పెట్టేవాడిని దర్జీ దగ్గరికి పంపాలి, ఊరందరికీ ఒకే జాకెట్టు కుట్టించుకుని రమ్మని.

పాపిట చూడొద్దని అనను, చూడండి. అదే నా పని కూడా. కానీ తల పోసుకున్న మరుసటి రోజు, బాగా ఆరినాక, నూనె లేకుండా చూడాలి. నూనె కూడా పాయలు కట్టిస్తుంది. కిటికీ దగ్గర పగటి వెలుగులో, తోక దువ్వెనతో, రోజూ తీసే గీతకు రెండు వేళ్లు పక్కగా తీయాలి. నుదుటి దగ్గర, నడినెత్తిన, వెనక మెడ పైన, మూడు చోట్ల ఒకే దూరం నుంచి ఫోటో తీయించుకోవాలి. వెనక భాగం మీ సొంత కొలబద్ద, ఎందుకంటే ఆడవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే పలచదనం దాన్ని సాధారణంగా చాలావరకు వదిలేస్తుంది. మీ ముందు పాపిటను మీ వెనక పాపిటతోనే పోల్చాలి, ఎదురింటి ఆమెతో కాదు. ముందు వెడల్పుగా మొదలై వెనక్కి పోయే కొద్దీ సన్నబడుతూ, అంచుల్లో పొట్టి, నూగులాంటి వెంట్రుకలు కనిపిస్తే అప్పుడు చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాలుగైదు నెలలకు మళ్లీ అవే ఫోటోలు తీసి పక్కపక్కన పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు తలంతా ఒకేసారి రాలితే అది వేరే కథ. అప్పుడు ముందూ వెనకా తేడా ఉండదు కాబట్టి ఈ పరీక్ష దాన్ని పట్టలేదు.

ఆ పిల్లకు అట్లే చేశాను. తడి మీద ముందు 6 మిల్లీమీటర్లు, వెనకా 6. ఆరినాక ముందు రెండున్నర, వెనక రెండున్నర. తడి మీద వెనక కూడా అంతే విచ్చుకుందంటే నీళ్లదే తప్పు. పిల్ల మొహంలో రంగు తిరిగింది. నూనె సీసా మాత్రం తిరిగి తీసుకోలేదు ఆ దుకాణం వాళ్లు, మూత తీశారని.

మనసొప్పకపోయినా ఇక్కడొక సంగతి చెప్పాలి. పిల్ల కూర్చున్న కుర్చీలో వాళ్లమ్మ కూడా కూర్చుంది, "నాదీ చూడక్కా, పోయేదేముంది" అని. వయసు 48. ఆరిన జుట్టుకు పాపిట తీస్తే వెనక 2, ముందు 7. ఫోన్ ముందు పెట్టి చూపిస్తే, "నేను దువ్వేది ఎప్పుడూ నూనె పెట్టి అణిచి కదా, తెలీలేదే" అంది. ఆమెకు తడి తల మీద కూడా చూశాను, ముందు వెనకలకు తేడా ఇంకా ఎక్కువగా పైకి తేలింది. అంటే తడి పరీక్ష పూర్తిగా పనికిరానిది కాదు, ముందూ వెనకా రెండూ చూసే వాళ్లకు అది తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. ఆ మెసేజ్‌లో వెనక చూడమని ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు.

ఆమెను డాక్టరు దగ్గరికి పంపాను. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాసిచ్చారంట. నిన్న సాయంత్రం ఆమె నుంచి నాకు మెసేజ్ వచ్చింది. రిపోర్టులేమో అని ఆత్రంగా తెరిచాను. "మీ జుట్టు ఒత్తుగా ఉందా, పలచబడిందా?" ఎనిమిదోసారి.