పన్నెండు నెలలకు పదకొండు: ఒక దాన మహిమ

లోకంలో దానధర్మాలు అడుగంటాయని బాధపడేవాళ్లు ఒకసారి జెర్సీ సిటీ వెళ్లి, హడ్సన్ నది ఒడ్డున వరసగా లేచిన అద్దె టవర్ల కింద నిలబడి తలెత్తి చూడాలి. కొత్తగా కట్టిన బిల్డింగుకు నిలువెత్తు బ్యానర్ కనిపిస్తుంది: ఏడాది లీజు మీద ఒక నెల ఉచితం. అడగకుండానే ఇస్తున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇస్తున్నారు. అటువంటి దాతలను అనుమానించడం మహాపాపం కనుక, నేను వారి లెక్కను భక్తిశ్రద్ధలతో పరిశీలించాను.

ప్రకటనలో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దె 3,300 డాలర్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద, కళ్లజోడు తుడుచుకుంటే కనిపించే సైజులో, ఇది ‘నెట్ ఎఫెక్టివ్ రెంట్’ అని రాసి ఉంటుంది. లీజులో ఉండే అసలు అద్దె 3,600. పదకొండు నెలలు కడతారు, మొత్తం 39,600. దాన్ని పన్నెండు నెలల మీద పరిస్తే 3,300 వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఏడాదిలో ఏ నెలా మీ ఖాతాలోంచి 3,300 పోదు. పదకొండు సార్లు 3,600 పోతుంది, ఒకసారి అద్దె పోదు. పార్కింగ్, పెంపుడు కుక్క అద్దె, చెత్త ఫీజు, నీళ్ల బిల్లు మాత్రం ఉచిత నెలలో కూడా వస్తాయి. దానం అద్దెకే గానీ కుక్కకు కాదు.

ఇక దరఖాస్తు దగ్గరికి వద్దాం. నెల అద్దెకు నలభై రెట్ల వార్షిక జీతం ఉండాలన్నది ఆ చుట్టుపక్కల చాలా బిల్డింగుల నియమం. 3,300 చూసి వచ్చినవాడు తనకు 1,32,000 చాలనుకుంటాడు. ఆఫీసులో కూర్చున్నావిడ 3,600తో గుణించి 1,44,000 అడుగుతుంది. డిపాజిట్ కూడా అంతే. న్యూజెర్సీ చట్టం ఒకటిన్నర నెలల అద్దె వరకు తీసుకోనిస్తుంది కాబట్టి, 4,950 బదులు 5,400 కట్టమంటారు. చిన్న అంకె మనల్ని లోపలికి పిలవడానికి, పెద్ద అంకె లోపలికి వచ్చాక పనిచేయడానికి. ఇంత చక్కటి శ్రమ విభజన మన ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా చూడలేదు.

ఇక్కడ అమాయకులైన అద్దెదారులకు ఒక చిన్న ప్రయోగం సూచిస్తాను. లీజింగ్ ఆఫీసులో కూర్చుని వినయంగా ఇలా అడగండి: “ఉచిత నెల వద్దండీ. పన్నెండు నెలలూ 3,300 చొప్పున కడతాను, లీజులో అద్దె 3,300 అనే రాయండి.” ఓనరుకు ఏడాదికి వచ్చేది అదే 39,600. పైసా తేడా లేదు. పైగా మొదటి నెల నుంచే డబ్బు చేతికొస్తుంది. అయినా చాలాచోట్ల ఒప్పుకోరు. కొందరు ఉచిత నెలను పన్నెండు ముక్కలు చేసి ప్రతి బిల్లులో 300 తగ్గిస్తామంటారు, కానీ బిల్లు పైభాగంలో 3,600 అలాగే నిలబడి ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంటి ఓనరైతే కాఫీ ఇచ్చి, గంటసేపు బేరమాడి, విసుగొచ్చి ఓ వెయ్యి తగ్గిస్తాడు. హడ్సన్ ఒడ్డున మూడున్నర వేల డాలర్లు వదులుకుంటారు గానీ అద్దె అనే అంకెను మాత్రం ముట్టుకోనివ్వరు.

ఎందుకంటే ఆ అంకె మన కోసం ఉన్నది కాదు. ఇటువంటి బిల్డింగు విలువను అది ఏటా తెచ్చే నికర ఆదాయం బట్టి కడతారు. ఒక ఫ్లాట్ మీద నెలకు 300 ఎక్కువ కనిపిస్తే ఏడాదికి 3,600. కొనేవాళ్లు పెట్టిన డబ్బు మీద ఏటా 5 శాతం రాబడి చూస్తారనుకుంటే, ఆ ఒక్క ఫ్లాట్ వల్ల బిల్డింగు విలువ కాగితం మీద 72,000 డాలర్లు పెరుగుతుంది. మూడు వందల ఫ్లాట్లుంటే రెండు కోట్ల పదహారు లక్షల డాలర్లు. అద్దె తగ్గిస్తే అది బిల్డింగు అద్దెల జాబితాలో శాశ్వతంగా తగ్గినట్టు. నెల ఉచితమిస్తే, “అబ్బే, అది కొత్త బిల్డింగు నింపడానికి పెట్టిన ఒక్కసారి ఖర్చు” అని చెప్పుకోవచ్చు. అప్పిచ్చే బ్యాంకులవాళ్లూ అంత తెలివితక్కువవాళ్లు కాదు, ఉచిత నెలలెన్ని ఇచ్చారో అడిగి కోత పెడతారు. అయినా ప్రయత్న లోపం ఉండకూడదు కదా.

దానం అసలు రుచి రెండో ఏడు తెలుస్తుంది. రెన్యువల్ లేఖలో ఎంతో మర్యాదగా, “పెంపు 4 శాతం మాత్రమే” అని ఉంటుంది. ఆ 4 శాతం 3,600 మీద. కొత్త అద్దె 3,744, ఉచిత నెల లేదు. నిరుడు సగటున 3,300 పడినవాడికి ఇది పదమూడున్నర శాతం పెంపు. ఒక్క డాలరు కూడా పెంచకుండా 3,600కే కొనసాగించినా 9 శాతం పెరిగినట్టే. అద్దె పెంచకుండానే అద్దె పెరిగే ఈ విద్యను ఏ కాలేజీలో చెబుతారో తెలియదు.

ఇప్పుడు రెండు వీధుల అవతల పాత బిల్డింగు ఒకటి ఉందనుకుందాం. జిమ్ లేదు, బ్యానర్ లేదు. అద్దె 3,400, ఉచితాలేమీ ఉండవు, పెంపు అదే 4 శాతం. మొదటి ఏడాది 40,800, రెండో ఏడాది నెలకు 3,536 చొప్పున 42,432. రెండేళ్లకు 83,232. నెలకు వంద డాలర్లు తక్కువని వెళ్లిన టవర్లో మొదటి ఏడాది 39,600, రెండో ఏడాది 44,928, కలిపితే 84,528. చవకైనది సుమారు 1,300 డాలర్లు ఖరీదైంది! ఏడాది కాగానే ఖాళీ చేసేవాడికి టవరే 1,200 లాభం, నిజమే. ట్రక్కు అద్దె, మళ్లీ అప్లికేషన్ ఫీజు, సోఫా మోయడానికి పిలిచిన స్నేహితులకు పెట్టిన బిర్యానీ ఖర్చు అందులోంచి తీసేశాక ఏమైనా మిగిలితే అదే లాభం. ఓనర్లకు ఈ సంగతి బాగా తెలుసు. సోఫా బరువు వాళ్ల వ్యాపారానికి పునాది.

మధ్యలో వెళ్లిపోయేవాళ్ల గురించి కూడా దాతలు ఆలోచించి పెట్టారు. ఉచిత నెలకు లీజుతో పాటు వేరే కాగితం ఒకటి జత చేస్తారు. అందరూ చదవకుండానే స్క్రీన్ మీద సంతకం పెట్టేది అక్కడే. గడువు నిండకుండా వెళితే ఉచితంగా ఇచ్చిన 3,600 తిరిగి కట్టాలని చాలా లీజుల్లో అందులోనే ఉంటుంది. లీజు తెంచినందుకు పడే జరిమానాకు ఇది అదనం. ప్రాజెక్టు మారి తొమ్మిదో నెలలో డాలస్ వెళ్లాల్సి వచ్చిన మనవాళ్లకు ఈ టెన్షన్ కొత్తది కాదు. ఉచిత నెల మొదటిదైతే తిరిగి ఇవ్వాలి. పన్నెండోదైతే తిరిగి ఇచ్చే పనే లేదు, అది అసలు రానే రాలేదు. అందుకే ఏ నెల ఉచితమన్నది సంతకానికి ముందే అడగాలి.

ఇంతటి విద్యను ఓనర్లకే పరిమితం చేయడం అన్యాయం కనుక, అద్దెదారుల తరఫున నాదొక విన్నపం. జీతం 1,32,000, చేరినప్పుడు కంపెనీ ఒక్కసారి ఇచ్చిన బోనస్ 12,000. రెండూ కలిపి ఏడాది మీద పరిస్తే నా ‘నెట్ ఎఫెక్టివ్ జీతం’ సరిగ్గా 1,44,000. నలభై రెట్ల పరీక్షలో పాసైపోయాను. లీజింగ్ ఆఫీసావిడ మాత్రం నవ్వి, “ఒక్కసారి వచ్చే డబ్బును లెక్కలోకి తీసుకోమండీ” అంది.